రాళ్ళ హారం: రాళ్ళకు విడిగా బిల్లా, ‘రాళ్ళు ఫ్రీ’ బిల్లా? ఏది మేలు?

విజయనగరంలో పెళ్ళి హారం కోసం గంటస్తంభం దగ్గర రెండు కొట్లు తిరిగి ఎస్టిమేషన్లు తెచ్చుకున్నారనుకోండి. రెండు హారాలూ 22 క్యారెట్లవే, మొత్తం తూకం 30 గ్రాములే, రాళ్ళు కూడా ఒకే రకం. లెక్క తేలిగ్గా ఉండడానికి గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. జీఎస్టీని పక్కన పెడదాం.

మొదటి కొట్లో రాళ్ళ బరువు 20 క్యారెట్లని రాసి, దానికి సరిపడా 4 గ్రాములు తూకంలోంచి తీసేశారు. నికర బంగారం 26 గ్రాములకు 2,60,000. తరుగు నికరం మీద 14 శాతం, అంటే 36,400. రాళ్ళు క్యారెట్ 600 చొప్పున 12,000. మొత్తం 3,08,400.

రెండో కొట్లో ‘రాళ్ళు ఫ్రీ, తరుగు 12 శాతమే’ అన్నారు. రాళ్ళ బరువు కింద రెండున్నర గ్రాములే తీశారు కాబట్టి బంగారం 2,75,000. ఆ 12 శాతాన్ని మొత్తం తూకం 30 గ్రాముల మీద కట్టారు, అది 36,000. మొత్తం 3,11,000. తక్కువనిపించిన తరుగు అసలు బంగారం మీద చూస్తే దాదాపు 14 శాతమే. ఫ్రీ రాళ్ళకేమో ఒకటిన్నర గ్రాముల బంగారం ధర, 15,000 కట్టినట్టే. రేపు మార్చుకోబోతే కొట్టువాడు లెక్కలోకి తీసుకునేది 26 గ్రాములే.

అలాగని విడి బిల్లే ఎప్పుడూ చవక అనలేం. మొదటి కొట్లో రాళ్ళ ధర క్యారెట్ 730 దాటితే రెండోదే నయం. సింథటిక్ రాళ్ళయితే తిరిగి అమ్మేటప్పుడు వాటికి దాదాపు ఏమీ రాదు. బేరమాడాల్సింది అక్కడ.

వీటికంటే చెడ్డది ఇంకోటుంది: రాళ్ళకు 20 క్యారెట్ల డబ్బు తీసుకుని, తూకంలో 3 గ్రాములే తగ్గించే బిల్లు. ఒక గ్రాము రాయికి రాయి ధరా, బంగారం ధరా రెండూ కట్టించుకున్నట్టు. పట్టుకోవడం సులువు. 5 క్యారెట్లు ఒక గ్రాము కాబట్టి, బిల్లులోని క్యారెట్లను 5తో భాగిస్తే తగ్గించిన గ్రాములు రావాలి.

పొదిగాక రాళ్ళను విడిగా తూయలేం. ఆర్డరిచ్చి చేయించుకుంటుంటే పొదగకముందే రాళ్ళ తూకం చూపించమని అడగండి. కుందన్ పనిలో రాళ్ళ కింద లక్క ఉంటుంది. రాళ్ళ బరువు మాత్రమే తీసేసి లక్క బరువును బంగారంలో కలిపేస్తే నికరం తప్పుతుంది. పూసలు, దారం కూడా అంతే.

నా మాట అడిగితే, తరుగు నికరం మీదే కట్టి, రాళ్ళ క్యారెట్లు, ధర విడిగా రాసే కొట్టే మేలు, నాలుగు రూపాయలు ఎక్కువైనా. హాల్‌మార్క్ నగకు బిల్లులో నికర బరువు, స్వచ్ఛత విడిగా రాయాలన్నది బీఐఎస్ నిబంధన. ఎస్టిమేషన్ చీటీతో సరిపెట్టుకోకుండా అవి ఉన్న బిల్లే అడిగి తీసుకోండి.