అచ్చులో ముదిరిన చిలకపచ్చ: ఆర్‌జీబీ నుంచి సీఎంవైకేకి ఏ దారి మేలు?

ఒక పెళ్లి శుభలేఖ అంచుకు నేను కంప్యూటర్‌లో చిలకపచ్చ రంగు వేశాను. ఆర్‌జీబీ లెక్కలో అది (0, 255, 0), అంటే ఎరుపు, నీలం కాంతులు పూర్తిగా ఆరిపోయి ఆకుపచ్చ కాంతి ఒక్కటే నిండుగా వెలిగే రంగు. పెళ్లివారు దాన్ని ఫోనులో చూసి ముచ్చటపడ్డారు. ఆఫ్‌సెట్‌లో అచ్చయి వచ్చిన కార్డుల మీద మాత్రం ఆ అంచు ముదురు మామిడాకు రంగుకు తిరిగింది. "ఫోనులో ఉన్నట్టు లేదేమిటండీ?" అని పెళ్లికూతురి తండ్రి అడిగినప్పుడు ప్రెస్సువారి మీద నెపం పెట్టబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఫైలును అచ్చు వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకుల లెక్కకు, అంటే సీఎంవైకేకి, మార్చినది నేనే. అదే అంచును మరో పద్ధతిలో మార్చి మళ్లీ వేయించగా ఫోనులోని మెరుపు రాలేదు గానీ, చిలక రంగని గుర్తుపట్టగలిగిన పచ్చ వచ్చింది. అచ్చులో రంగు మందగించడంలో రెండు పాళ్లున్నాయని అప్పుడు బోధపడింది: ఒక పాలు ఇంకుకూ కాగితానికీ సహజమైనది, రెండో పాలు మార్పిడిలో మనం కొనితెచ్చుకునేది.

మొదటి పాలు సంగతి ముందు చూద్దాం. తెర తన కాంతిని తానే వెదజల్లుతుంది, కాగితం తన మీద పడిన వెలుతురులో కొంత తిరిగి ఇస్తుంది, అంతే. గదిలో 500 లక్స్ వెలుతురు ఉందనుకుంటే తెల్లటి ఆర్ట్ పేపర్ నుంచి కంటికి చేరే ప్రకాశం 130 నిట్ల దరిదాపుల్లో ఉంటుంది, ఫోను తెర 400 నిట్లను సునాయాసంగా దాటుతుంది. ఇంకు వేయని తెల్ల కాగితమే ఇలా ఉంటే, ఆ తెలుపులోంచి ఇంకా కొంత మింగేసే ఇంకుల గతి చెప్పనక్కరలేదు. పైగా ఆ ఇంకులు పుస్తకంలో చెప్పినంత శుద్ధమైనవి కావు. సయాన్ ఇంకు ఎరుపు కాంతిని మాత్రమే మింగి ఆకుపచ్చను, నీలాన్ని పూర్తిగా వదిలేయాలి. నిజంలో అది ఆకుపచ్చ కాంతిలోనూ కొంత భాగం తినేస్తుంది. మెజెంటా ఇంకైతే నీలం కాంతిని మరీ ఎక్కువగా తినేస్తుంది. సయాన్, పసుపు నిండుగా ఒకదాని మీద ఒకటి పడిన చోట ఆకుపచ్చ మిగులుతుంది గానీ, ఈ నష్టాలన్నీ కలిసి అది ముదిరిపోతుంది. రంగుల వెలుగును 0 నుంచి 100 వరకు కొలిచే ల్యాబ్ పద్ధతిలో తెర మీది (0, 255, 0) వెలుగు సుమారు 88 కాగా, ఆర్ట్ పేపర్ మీద సయాన్ 100, పసుపు 100 కలిసిన పచ్చ వెలుగు సుమారు 50 మాత్రమే. నా శుభలేఖ అంచు సరిగ్గా ఆ 50 దగ్గరే ఆగింది.

అక్కడికి ఎలా చేరిందంటే, సూత్రం వల్ల. ఇంటర్నెట్‌లో దొరికే రంగు మార్పిడి పేజీల్లో అధికభాగం, చాలా చిన్న ప్రోగ్రాములు వాడే లెక్క ఇది (ఇక్కడ R, G, B విలువలను 255తో భాగించి 0, 1 మధ్యకు తెచ్చుకోవాలి):

```
K = 1 - max(R, G, B)
C = (1 - R - K) / (1 - K)
M = (1 - G - K) / (1 - K)
Y = (1 - B - K) / (1 - K)
```

K ఒకటి అయితే, అంటే రంగు పూర్తి నలుపైతే, భాగించకుండా C, M, Yలను సున్నాగా తీసుకోవాలి. మన పచ్చలో G విలువ 1, తక్కినవి 0. కనుక K సున్నా, C ఒకటి, M సున్నా, Y ఒకటి, అంటే సయాన్ 100, పసుపు 100. లెక్కలో తప్పు లేదు. కాని ఈ లెక్కకు ఏ ఇంకు, ఏ కాగితం, ఏ యంత్రం అన్నది తెలియదు. ఇంకులు ఆదర్శమైనవని, చుక్క ఎంత వేస్తే అంతే పడుతుందని అది నమ్ముతుంది. సూత్రం చేసే మోసం నీలంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. (0, 0, 255) అనే తెర నీలాన్ని ఇది సయాన్ 100, మెజెంటా 100గా మారుస్తుంది, అచ్చులో అది నీలం కాదు, వంకాయ రంగు.

రెండో దారి ఐసీసీ ప్రొఫైల్. ఒక నిర్దిష్టమైన ఇంకు, కాగితం, యంత్రం కలయికలో వందలాది రంగు గళ్లను అచ్చువేసి, ప్రతి గడినీ పరికరంతో కొలిచి రాసుకున్న పట్టికే ప్రొఫైల్. తెర రంగును ముందు ల్యాబ్ కొలతలోకి తెచ్చి, ఆ కొలతకు ఈ కాగితం మీద అతి దగ్గరగా వచ్చే ఇంకుల పాళ్లు ఏవో ఆ పట్టికలో వెతుకుతారు. ఫోటోషాప్‌లో చాలాకాలంగా ముందే అమర్చి ఉండే U.S. Web Coated (SWOP) v2 ప్రొఫైల్‌తో అదే పచ్చను మారిస్తే సయాన్ 63, మెజెంటా 0, పసుపు 100, నలుపు 0 వస్తాయి. మొదట చూసినప్పుడు ఇది విడ్డూరంగా తోచింది: రంగు మందగిస్తుందని బాధపడుతుంటే ఇంకు తగ్గిస్తుందేమిటి? కిటుకంతా అక్కడే ఉంది. భూతద్దంతో కార్డును చూస్తే సయాన్ నిండు పొరలా కాక చుక్కలుగా పడి ఉంటుంది, చుక్కల సందుల్లో పసుపు ఇంకు వేసిన కాగితం మెరుస్తూ కనిపిస్తుంది. సయాన్ 100 వేస్తే ఆ సందులన్నీ మూసుకుపోతాయి. అచ్చులో ప్రతి చుక్కా కాస్త వ్యాపించి 63 శాతపు చుక్క 75 శాతం దాటినట్టు కనిపిస్తుందని కూడా ప్రొఫైల్‌కు తెలుసు, అందుకే ముందుగానే తగ్గించి ఇస్తుంది. నీలానికి అదే ప్రొఫైల్ ఇచ్చే జవాబు సయాన్ 88, మెజెంటా 77. వంకాయ ఛాయ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. నీలం నీలంగానే ఉండాలంటే నేను మెజెంటాను చేత్తో 60, 65కి దించుతాను. రంగు కాస్త తేలుతుంది గాని ఎవరూ దాన్ని వంకాయ అనరు.

ఈ రెండు దారులు, బొమ్మలను ఆజ్ఞలతో మార్చే ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రాములో పక్కపక్కనే కనిపిస్తాయి:

```
magick in.png -colorspace CMYK formula.tif
magick in.png -intent Relative -black-point-compensation \
  -profile sRGB.icc -profile CoatedFOGRA39.icc profile.tif
```

మొదటి ఆజ్ఞ పైన చెప్పిన సూత్రాన్నే నడుపుతుంది. రెండోది రెండు ప్రొఫైల్ ఫైళ్లను అడుగుతుంది: వచ్చిన రంగు ఏ లెక్కలో ఉందో చెప్పేది ఒకటి, వెళ్లవలసిన కాగితం ఏదో చెప్పేది ఇంకొకటి. ఏ ప్రొఫైల్ వాడాలో ప్రెస్సువారిని అడగడమే మంచిది. ఫైలును ఆర్ట్ పేపర్ ప్రొఫైల్‌కు మార్చి, పూత లేని మ్యాప్‌లిథో కాగితం మీద వేయిస్తే, ఇంకు కాగితంలోకి ఇంకిపోయి మళ్లీ మొదటి కథే అవుతుంది.

ప్రొఫైల్ దారిలోనూ ఒక చీలిక ఉంది. అచ్చుకు అందని రంగులను ఏం చేయాలన్న ప్రశ్నకు `Relative Colorimetric` ఒక జవాబు, `Perceptual` ఇంకొకటి. మొదటిది అందే రంగులను ముట్టుకోకుండా, అందని వాటిని మాత్రం అందే హద్దుకు తెచ్చి ఆనిస్తుంది. రెండోది అన్ని రంగులనూ కలిపి కొంచెం కుదించి, వాటి మధ్య తేడాలను నిలపడానికి ప్రయత్నిస్తుంది. శుభలేఖ అంచు, సంస్థల లోగో, ఒకే రంగు పరచిన నేపథ్యం లాంటి వాటికి మొదటిదే మేలని నా అభిప్రాయం, రంగు అనవసరంగా వెలవెలబోదు. పట్టుచీర ఫోటో అయితే మాట వేరు. గులాబీ పట్టు మడతల్లో పది ఛాయలు ఉంటే మొదటి పద్ధతిలో అవన్నీ ఒకే హద్దుకు వచ్చి ఆని, మడతలు మాయమై చీర చదునైన ముద్దలా కనిపించవచ్చు. అలాంటి ఫోటోలకు `Perceptual` వాడి, మొత్తం మీద కాస్త చప్పబడినా మడతలు దక్కించుకుంటాను.

ఇంత చెప్పాక సూత్రాన్ని పూర్తిగా తీసిపారేయాలనిపిస్తుంది గాని, ఒక్కచోట అదే గెలుస్తుంది: నల్ల అక్షరాలు. (0, 0, 0)ను సూత్రం నలుపు 100గా, ఒక్క ప్లేటుకే ఇస్తుంది. పైన చెప్పిన SWOP ప్రొఫైల్ మాత్రం సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 ఇస్తుంది, మొత్తం 300 శాతం ఇంకు. పెద్ద ఫోటోలో అది నిండైన నలుపు. 9 పాయింట్ల తెలుగు అక్షరాల్లో అది విపత్తు, ఎందుకంటే నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఒత్తులు, తలకట్లు రంగు నీడలు వేసుకుని మసకబారతాయి. అందుకే ఫోటోలకు, అంచులకు ప్రొఫైల్ దారి పట్టి, అక్షరాలను మాత్రం నలుపు 100 దగ్గర బిగించాలి. మొత్తం పేజీని ఒకే చిత్రంగా చేసి మార్చేవారికి ఈ వీలు ఉండదు, అక్షరాలను ఫోటోషాప్‌లో పెట్టవద్దని ప్రెస్సువారు మొత్తుకునేది ఇందుకే.

మార్చకుండా ఆర్‌జీబీ పీడీఎఫ్‌నే ఇచ్చేసి, ప్రెస్సువారే మార్చుకోనివ్వడం ఇంకో దారి. వారి దగ్గర రంగు అమరిక పద్ధతిగా ఉంటే ఇది మంచిదే, కాగితం ఏదో వారికే బాగా తెలుసు. లేకపోతే వారి యంత్రం ఎలా మార్చిందో మనకు తెలిసేది కార్డులు కట్టలుగా వచ్చాకే. పెళ్లివారు ఫోనులోని మెరుపే కావాలని పట్టుబడితే ఐదో ప్లేటు పెట్టి పాంటోన్ 802 లాంటి ఫ్లోరసెంట్ పచ్చ ఇంకు వేయించవచ్చు. ఆ ఇంకు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని కూడా కనిపించే పచ్చగా మార్చి ఇస్తుంది కనుక నాలుగు ఇంకులకు అందని వెలుగు దానికి అందుతుంది. ఖర్చు పెరుగుతుంది, ఎండ తగిలే చోట త్వరగా వెలిసిపోతుంది. శుభలేఖకు వెలిసిపోయే బెంగ లేదు, దుకాణం బోర్డుకైతే ఉంది. అచ్చు ఎప్పుడూ ఓడిపోతుందని కూడా అనుకోకూడదు: నిండు సయాన్ ఇంకు రంగు మామూలు తెరలు పాటించే ఎస్‌ఆర్‌జీబీ పరిధికి బయట ఉంటుంది, దాన్ని మామూలు తెర చూపలేదు.

ఇప్పుడు నేను ఫైలు పంపే ముందు ఫోటోషాప్‌లో `View > Proof Setup > Custom`లో ప్రెస్సువారు చెప్పిన ప్రొఫైల్ పెట్టి, `Simulate Paper Color` గడికి టిక్ కొట్టి చూస్తాను. టిక్ కొట్టగానే తెర అంతా ఒక్కసారిగా బూడిద పట్టినట్టు అవుతుంది, అప్పుడు కళ్లు పక్కకు తిప్పి, తెర వెలుగు తగ్గించి, అర నిమిషం ఆగి చూడాలి. ఆ చూపులో చిలకపచ్చ ఎంతవరకు నిలుస్తుందో పెళ్లివారికి పక్కనే కూర్చోబెట్టి చూపిస్తాను, ఫోనులో పంపను.