పది డిగ్రీల తేడానా, ఇరవై డిగ్రీల తేడానా: ఉత్తేజన శక్తి కొలతకు ఏది మేలు?

హనుమకొండలోనైనా కరీంనగర్‌లోనైనా డిగ్రీ కెమిస్ట్రీ ల్యాబుల్లో ఈ ప్రయోగం తెలియనివాళ్లు తక్కువ. మిథైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి, జలవిశ్లేషణ ఎంత వేగంగా జరుగుతోందో టైట్రేషన్‌తో కొలుస్తారు. ఒకసారి 30 డిగ్రీల దగ్గర, ఇంకోసారి 40 దగ్గర చేసి, వచ్చిన రెండు రేటు స్థిరాంకాలను అర్హీనియస్ సమీకరణంలో పెట్టి ఉత్తేజన శక్తి లెక్కగడతారు. ఒకే బెంచీ మీద పక్కపక్కన చేసిన ఇద్దరికి ఒకరికి 62, ఇంకొకరికి 74 కిలోజౌళ్లు వచ్చినా ఆశ్చర్యం లేదు. ఇద్దరి టైట్రేషనూ బాగానే ఉండవచ్చు. చిన్న తప్పులను ఇంత పెద్ద తేడాగా పెంచేది ఉష్ణోగ్రతల ఎంపికే.

సమీకరణం ఇది. Ea ఉత్తేజన శక్తి, R వాయు స్థిరాంకం, k1, k2 రెండు రేటు స్థిరాంకాలు, T1, T2 కెల్విన్‌లో ఉష్ణోగ్రతలు:

```
Ea = [R × T1 × T2 / (T2 − T1)] × ln(k2/k1)
```

బ్రాకెట్‌లో ఉన్నదాన్ని గుణకం అనుకుందాం. అందులో ప్రయోగం కొలిచేది ఏమీ లేదు, మనం ఎంచుకున్న రెండు ఉష్ణోగ్రతలే ఉన్నాయి. 30, 35 డిగ్రీలు తీసుకుంటే ఆ గుణకం దాదాపు 155 కిలోజౌళ్లు. 30, 40 అయితే 79. 30, 50 అయితే 41. ఈ గుణకం నిష్పత్తినే కాదు, నిష్పత్తిలో ఉన్న తప్పును కూడా అంతే పెంచుతుంది. ఏది మేలో తేల్చేది ఇదే.

ఒక లెక్క చూద్దాం. 30 డిగ్రీల దగ్గర k నిమిషానికి 0.0052, 40 దగ్గర 0.0123, 50 దగ్గర 0.0276 వచ్చాయనుకోండి. 30, 40 జంటతో నిష్పత్తి 2.365, దాని సహజ సంవర్గమానం 0.861, గుణకం 78.9. ఉత్తేజన శక్తి 68.0 కిలోజౌళ్లు. 30, 50 జంటతో నిష్పత్తి 5.308, సంవర్గమానం 1.669, గుణకం 40.7. జవాబు మళ్లీ 68.0. అంకెలు కచ్చితంగా ఉంటే ఏ జంటైనా ఒకటే. కానీ 5 మి.లీ. పిపెట్, 0.1 మి.లీ. గీతల బ్యూరెట్‌తో చేసే ఈ ప్రయోగంలో ఒక్కో k మీద 3 శాతం అటూఇటూ ఉండడం మామూలే. రెండు స్థిరాంకాల తప్పులూ కలిస్తే నిష్పత్తిలో 4 శాతం దాటుతుంది. దాన్ని గుణకంతో హెచ్చిస్తే 30, 35 జంటలో జవాబు మీద 6.6 కిలోజౌళ్ల సందేహం, 30, 40 జంటలో 3.3, 30, 50 జంటలో 1.7 మిగులుతుంది. చేతి పని అదే, గాజుసామాను అదే. తేడాను ఇరవై డిగ్రీలకు పెంచితే సందేహం సగమవుతుంది.

థర్మామీటర్ విషయంలోనూ పెద్ద తేడాయే గెలుస్తుంది. వాటర్ బాత్ డయల్ 40 చూపిస్తున్నా ఫ్లాస్కులోని ద్రావణం నిజానికి 39 దగ్గరే ఉందనుకోండి. లెక్కలో మాత్రం 40 వేస్తాం. అప్పుడు 68 రావాల్సిన చోట 61.4 వస్తుంది. అదే ఒక డిగ్రీ తప్పు 50 దగ్గర జరిగితే 64.8 వస్తుంది. అందుకే డయల్‌ను నమ్మకుండా, థర్మామీటర్‌ను ఫ్లాస్కు పక్కనే నీళ్లలో ముంచి చదవాలి. రెండు ఉష్ణోగ్రతలకూ ఒకే థర్మామీటర్ వాడాలి. అది రెండు చోట్లా ఒకే దిక్కున ఒక డిగ్రీ ఎక్కువ చూపినా, తేడా మారదు కాబట్టి జవాబు ఒక్క శాతం కూడా కదలదు. థర్మామీటర్లు మారిస్తే ఆ రక్షణ పోతుంది.

మరి అందరూ 50కి ఎందుకు వెళ్లరు? దానికీ కారణాలున్నాయి, వాటిని తీసిపారేయకూడదు. 30 దగ్గర ఈ చర్య అర్ధాయువు 133 నిమిషాలు, 50 దగ్గర 25 నిమిషాలే. 30 దగ్గర పావుగంటకో 20 నిమిషాలకో ఒకసారి రీడింగ్ తీసుకుంటూ తీరిగ్గా చేయవచ్చు. 50 దగ్గర అయిదేసి నిమిషాలకు తీయాలి. పిపెట్ నుంచి బయటికొచ్చిన నమూనాను వెంటనే ఆపకపోతే అర నిమిషంలోనే మిగిలిన ఎస్టర్‌లో 1.4 శాతం విరిగిపోతుంది. కాబట్టి ముందుగానే కోనికల్ ఫ్లాస్కుల్లో 25 మి.లీ. నీళ్లు, నాలుగైదు మంచుముక్కలు వేసి వరసగా పెట్టుకోవాలి. పిపెట్ సగం ఖాళీ అయిన క్షణాన్ని సమయంగా రాసుకోవాలి. ఆమ్లం మోల్స్‌నే కొలుస్తున్నాం కాబట్టి, కరిగిన మంచు నీరు టైట్రేషన్ విలువను మార్చదు.

రెండో చిక్కు ఎస్టర్‌ను కలిపే ఘట్టంలో ఉంది. 100 మి.లీ. 0.5 నార్మల్ ఆమ్లం 50 డిగ్రీల దగ్గర ఉంది, 5 మి.లీ. ఎస్టర్ మాత్రం గది వేడిలోనే ఉంది. కలపగానే ద్రావణం దాదాపు అర డిగ్రీ దిగుతుంది, మొదటి రీడింగులు మందంగా వస్తాయి. ఎస్టర్‌ను బిరడా బిగించిన పరీక్షనాళికలో పోసి అదే బాత్‌లో 20 నిమిషాలు ఉంచితే ఈ బాధ ఉండదు.

మూడోది అన్నిటికన్నా మోసకారి. మిథైల్ ఎసిటేట్ మరిగేది 57 డిగ్రీల దగ్గరే. 50 దగ్గర బిరడా వదులుగా ఉన్నా, రీడింగ్‌కు రీడింగ్‌కు మధ్య ఫ్లాస్కు తెరిచి వదిలేసినా ఎస్టర్ ఆవిరై పోతుంది. ఎగిరిపోయిన ఎస్టర్ ఆమ్లంగా మారదు, కానీ చర్యాపాత్రలో తగ్గిపోతుంది. అదే ఫ్లాస్కులోంచి చివరి రీడింగ్, అంటే V∞ తీసుకుంటే, ఒక్కో సమయంలోని రీడింగ్ Vt తో గీసే ln(V∞ − Vt) గ్రాఫ్ చక్కగా సరళరేఖగానే వస్తుంది. చూసినవాళ్లకు ఏ అనుమానం రాదు. వాలు మాత్రం జలవిశ్లేషణకు ఆవిరిని కలిపి చూపిస్తుంది.

దీన్ని పట్టుకునే దారి ఒకటుంది. 0.2 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే మొదట్లో దాదాపు 12 మి.లీ., చివర్లో 27 మి.లీ.కి కాస్త తక్కువగా పడుతుంది. ఒకే ఆమ్లం, ఒకే కొలత ఎస్టర్ కాబట్టి 30 దగ్గర V∞, 50 దగ్గర V∞ రెండూ ఒకటిగా రావాలి. 30 దగ్గర 26.9 వచ్చి 50 దగ్గర 25.9 వస్తే, ఆ ఒక్క మి.లీ. గాల్లో కలిసిన ఎస్టర్. తయారవాల్సిన 15 మి.లీ. ఆమ్లంలో 14 మాత్రమే తయారైంది, k దాదాపు 7 శాతం ఎక్కువగా వచ్చింది, ఉత్తేజన శక్తి 68 బదులు 71 దగ్గరికి పోతుంది. బిరడా బిగించి, తీసిన వెంటనే మళ్లీ మూసి ఆ రన్ మళ్లీ చేయాల్సిందే.

అంటే 30, 40 జంట చేతికి సులువు, లెక్కకు బలహీనం. 30, 50 జంట చేతికి కష్టం, లెక్కకు బలం. మంచు, బిరడా, ముందే వేడెక్కించిన ఎస్టర్ ఈ మూడూ అమర్చుకోగలిగితే రెండోదే మేలు. అమర్చుకోలేకపోతే 30, 45 వరకు పోయి ఆగడం నయం. 30, 35 మాత్రం ఎవరూ ఎంచుకోకూడదు.

ఇక అయిదు ఉష్ణోగ్రతలు తీసుకుని గ్రాఫ్ గీస్తే ఇంకా బాగుంటుంది కదా అంటారు. నిజమే, కానీ అనుకున్నంత లాభం లేదు. 30, 35, 40, 45, 50 దగ్గర ఒక్కో రన్ చేసి, ln k ను 1/T తో గీసి వాలు తీస్తే, అదే 3 శాతం తప్పుతో జవాబు మీద సందేహం 1.5 కిలోజౌళ్లు. రెండు కొసలతోనే వచ్చింది 1.7. మూడు రన్‌లు అదనంగా చేస్తే తగ్గింది 0.2. కారణం, మధ్యలోని బిందువులు వాలును పెద్దగా నిలబెట్టలేవు, కొసలే నిలబెడతాయి. అదే శ్రమలో 30 దగ్గర రెండు రన్‌లు, 50 దగ్గర రెండు రన్‌లు చేసి సగటు తీస్తే, నాలుగు రన్‌లకే సందేహం 1.2 కి దిగుతుంది.

అయితే రెండు బిందువుల గుండా గీత ఎప్పుడూ సరళరేఖగానే పోతుంది, తప్పు బిందువైనా సరే. ఆ ఒక్క లోపానికి మధ్యలో ఒక పరీక్ష రన్ చాలు. 30, 50 విలువలనుంచి 40 దగ్గర k ఎంత రావాలో ముందే లెక్కగట్టుకోండి. మన ఉదాహరణలో 0.0123. చేసి చూస్తే 0.0119 వచ్చినా 0.0127 వచ్చినా పరవాలేదు. ఏడెనిమిది శాతం దాటి తేడా వస్తే ఏదో ఒక రన్‌లో లోపం ఉంది, ఆవిరి లేదా థర్మామీటర్ నుంచి వెతకడం మొదలుపెట్టాలి. కొసలు రెండేసిసార్లు, నడుమ ఒక్కసారి: అయిదు రన్‌ల సమయం ఉంటే నేను ఓటేసేది దీనికే.

ఈ k లో ఆమ్లం గాఢత కూడా దాగి ఉంటుంది, అందుకే రెండు ఉష్ణోగ్రతలకూ ఒకే సీసాలోని ఆమ్లం వాడాలి. రెండో రోజు కొత్తగా కలిపిన ఆమ్లం 5 శాతం బలంగా ఉంటే k కూడా అంతే పెరుగుతుంది, 30, 40 జంటలో అది 3.9 కిలోజౌళ్ల తప్పు.

30, 40 జంటతో లెక్క కట్టేటప్పుడు జారే చోట్లు జవాబును చూస్తేనే తెలిసిపోతాయి. ఒక కిలోజౌల్ కూడా రాకపోతే ఉష్ణోగ్రతలు సెల్సియస్‌లోనే వేశారు. 29.5 దగ్గర వస్తే పది ఆధారపు సంవర్గమానం వేసి 2.303 తో హెచ్చించడం మరిచారు. 71.6 వస్తే 1/T విలువలను 0.0033, 0.0032 అని కుదించేశారు. ఈ కుదింపు 30, 40 జంటను 5 శాతం తప్పిస్తే, 30, 50 జంటను 2 శాతమే తప్పిస్తుంది.

చివరగా మన ఊళ్ల ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ల్యాబుల్లో మధ్యాహ్నం గదే 38, 40 దగ్గర ఉంటుంది. మామూలు వాటర్ బాత్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. నాబ్ 30 దగ్గర పెట్టినా నీళ్లు గది వేడికే చేరతాయి. రెండు గంటల రన్‌లో మంచు సీసాలు వేస్తూ తీస్తూ 30 ని నిలబెట్టడం గగనం. అప్పుడు ఎస్టర్‌ను మార్చడం తెలివైన పని. ఇథైల్ ఎసిటేట్ 77 డిగ్రీల దాకా మరగదు, కాబట్టి జంటను 40, 60 కి జరపవచ్చు. గుణకం 43 దగ్గరే ఉంటుంది, నష్టం స్వల్పం. అయితే ఆమ్లాన్ని రెండు రన్‌లకూ 0.25 నార్మల్‌కు తగ్గించండి, లేకుంటే 60 దగ్గర చర్య పిపెట్ కన్నా ముందు పరుగెత్తుతుంది.