నెగేషన్‌ను లోపలికి జరిపే పద్ధతి: పన్నెండేళ్లు వాడిన తర్వాత

మద్దిలపాలెంలో మా ఇంటి ముందుగదిలో పన్నెండేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు గణితం చెబుతున్నాను. ‘ప్రతి’ని సూచించే ∀, ‘కనీసం ఒకటి ఉంది’ని సూచించే ∃ ఒకదాని లోపల ఒకటి ఉన్న వాక్యాలకు నెగేషన్ రాయించడానికి ఇన్నేళ్లూ ఒకే పద్ధతి వాడాను. వాక్యం ముందు ‘కాదు’ను సూచించే ¬ గుర్తు పెట్టాలి. దాన్ని ఒక్కో మెట్టు చొప్పున కుడివైపుకు జరపాలి. అది దాటిన ప్రతి ∀ ∃ అవుతుంది, ప్రతి ∃ ∀ అవుతుంది. వాటి వరుస మాత్రం మారదు.

గుర్తుల్లో సరిగ్గా రాసిన వాక్యం మీద ఈ పద్ధతి నన్ను ఒక్కసారి కూడా తప్పుదారి పట్టించలేదు. విద్యార్థులు తప్పు చేసేది రెండు చోట్ల: వాక్యంలో షరతు దాగి ఉన్నప్పుడు, ఇంగ్లీషు వాక్యాన్ని గుర్తుల్లోకి దించేటప్పుడు. పద్ధతిలోని మంచీ లోటూ రెండూ అక్కడే బయటపడతాయి.

ప్రతి ఏడాదీ మొదటి వారంలో నేనిచ్చే వాక్యం ఇది: ‘ప్రతి రూటులోనూ, ఆ రూటులోని స్టాపులన్నిటిలో ఆగే బస్సు ఒకటైనా ఉంది.’ రూటును r, బస్సును b, స్టాపును s అనుకుందాం. N(b,r) అంటే బస్సు ఆ రూటులో నడుస్తుంది, S(s,r) అంటే స్టాపు ఆ రూటులో ఉంది, A(b,s) అంటే బస్సు ఆ స్టాపులో ఆగుతుంది.

```
∀r ∃b ( N(b,r) ∧ ∀s ( S(s,r) → A(b,s) ) )
```

∃ పక్కన ‘మరియు’ను సూచించే ∧ వచ్చింది, ∀ పక్కన ‘అయితే’ను సూచించే → వచ్చింది. ‘ఆ రూటులోని ఒక బస్సు’ అన్నప్పుడు బస్సు ఉండాలి, అది ఆ రూటుదీ కావాలి. ‘ఆ రూటులోని ప్రతి స్టాపు’ అన్నప్పుడు మనం నగరంలోని స్టాపులన్నిటి గురించీ మాట్లాడటం లేదు, ఆ రూటులో ఉన్నవాటి గురించి మాత్రమే షరతు పెడుతున్నాం. ఈ తేడా పట్టుబడితే మిగతాది తేలిక. ఇప్పుడు ¬ ను జరుపుదాం.

```
∃r ¬∃b ( N(b,r) ∧ ∀s ( S(s,r) → A(b,s) ) )
∃r ∀b ( N(b,r) → ¬∀s ( S(s,r) → A(b,s) ) )
∃r ∀b ( N(b,r) → ∃s ( S(s,r) ∧ ¬A(b,s) ) )
```

రెండో వరుసలో ‘మరియు’ ‘అయితే’గా మారింది. మూడో వరుసలో ‘అయితే’ ‘మరియు’గా మారింది. చివరి వరుసను తెలుగులో చదివితే: ఒక రూటు ఉంది, అందులో నడిచే ఏ బస్సును తీసుకున్నా, ఆ రూటులోనే అది ఆగని స్టాపు ఒకటి ఉంటుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఆ మూడో వరుసలోనే. ‘S(s,r) → A(b,s)’కి నెగేషన్ రాయమంటే ‘S(s,r) → ¬A(b,s)’ అని రాస్తారు, లేదా S(s,r) ముందు కూడా ¬ పెట్టేస్తారు. గత ఏడాది ఒక అమ్మాయి ఈ రెండో తప్పు చేసి, ‘‘అన్నిటికీ కాదు పెట్టాలి కదా, మాస్టారూ?’’ అని అడిగింది. ‘‘సరేనమ్మా, గాజువాక రూటు బస్సు భీమిలిలో ఆగదు. దాంతో ఆ బస్సు తన స్టాపులన్నిటిలో ఆగడం లేదని రుజువవుతుందా?’’ అన్నాను. ఆమె వెంటనే ఆ గుర్తు చెరిపేసింది. బస్సును తప్పుపట్టాలంటే అది ఆగవలసిన స్టాపునే చూపించాలి. షరతు అలాగే నిలుస్తుంది, ¬ చేరేది దాని తర్వాతి మాటకే.

∀ε>0 అని కుదించి రాసినప్పుడు కూడా ఇదే సూత్రం. దాని నెగేషన్ ∃ε>0తో మొదలవుతుంది. ε≤0 అని రాసినవాళ్లు షరతును తిప్పేశారన్నమాట. ఈ ఒక్క తప్పును గుర్తుపట్టడం వస్తే విశ్లేషణ పేపరులో సగం బెంగ తీరుతుంది. ఏకరూప అవిచ్ఛిన్నత నిర్వచనం చూడండి:

```
∀ε>0 ∃δ>0 ∀x ∀y ( |x−y|<δ → |f(x)−f(y)|<ε )
```

దీని నెగేషన్:

```
∃ε>0 ∀δ>0 ∃x ∃y ( |x−y|<δ ∧ |f(x)−f(y)|≥ε )
```

నాకు ఈ పద్ధతి మీద ప్రేమ కలిగింది ఈ రెండో వాక్యం దగ్గరే. ఏమి రుజువు చేయాలో ఇదే చెబుతుంది. ∃ ఉన్నచోట ఎంచుకునేది మనం, ∀ ఉన్నచోట ఎదుటివాళ్లు ఏది ఇస్తే అది తీసుకోవాలి. వాస్తవ సంఖ్యలన్నిటి మీద f(x)=x² ఏకరూప అవిచ్ఛిన్నం కాదని చూపాలనుకుందాం. ముందుగా మనం ε=1 ఎంచుకుంటాం. ఎదుటివాళ్లు ఏదో ఒక δ ఇస్తారు. దాన్ని చూశాకే x=1/δ, y=1/δ+δ/2 అని తీసుకుంటాం. రెండిటి మధ్య దూరం δ/2, అది δ కన్నా తక్కువ. y²−x² విలువ 1+δ²/4, అది 1 కన్నా ఎక్కువ. రుజువు పూర్తయింది. x, y విలువలు δ మీద ఆధారపడవచ్చని విద్యార్థికి చెప్పేది గుర్తుల వరుసే. ఆ వరుసను తారుమారు చేసినవాళ్లు δ రాకముందే x=100 అని రాసి, ఎదుటివాళ్లు δను బాగా చిన్నది చేసేసరికి ముందుకు కదల్లేకపోతారు.

ఇక లోటు సంగతి. ఇంగ్లీషు వాక్యాన్ని గుర్తుల్లోకి దించడంలో ఈ పద్ధతి ఏమాత్రం సాయం చేయదు. తప్పుగా దించిన వాక్యానికి కూడా చక్కటి నెగేషన్ ఇస్తుంది, చూసేవాళ్లకు అంతా సరిగానే కనిపిస్తుంది. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన మాట ‘ఎనీ’. ‘ఇఫ్ ఎనీ బస్ ఈజ్ లేట్, ద షిఫ్ట్ ఈజ్ లేట్’ అన్న వాక్యం ఇస్తే, ‘ఎనీ అంటే ప్రతి’ అని బట్టీపట్టినవాళ్లు, బస్సు ఆలస్యమైందనడానికి L(b), షిఫ్టు ఆలస్యమైందనడానికి D వాడి ఇలా రాస్తారు:

```
( ∀b L(b) ) → D
```

దీని అర్థం బస్సులన్నీ ఆలస్యమైతే షిఫ్టు ఆలస్యమవుతుందని మాత్రమే. నెగేషన్ తీస్తే, బస్సులన్నీ ఆలస్యమైనా షిఫ్టు సమయానికే మొదలైందని వస్తుంది. అసలు వాక్యాన్ని కాదనడానికి ఒక్క బస్సు ఆలస్యమై షిఫ్టు సమయానికి మొదలైతే చాలు. సరైన రూపం ఇది:

```
( ∃b L(b) ) → D
```

∀b ( L(b) → D ) అని రాసినా ఇదే అర్థం. ∀ మొత్తం వాక్యాన్ని కప్పాలి, బ్రాకెట్టు లోపల ఆగిపోకూడదు. దీనికి నేను కనిపెట్టుకున్న ఉపాయం మన భాషలోనే ఉంది. గుర్తులు రాయకముందు వాక్యాన్ని తెలుగులో పలకమంటాను. ‘ఏ బస్సు ఆలస్యమైనా షిఫ్టు ఆలస్యమవుతుంది’ అని నోరారా అన్నవాళ్లెవరూ ‘అన్ని బస్సులూ’ అనే అర్థంలోకి జారిపోలేదు.

తెలుగు కూడా ఒకచోట కాపాడదు. ‘ఆల్ బసెస్ విల్ నాట్ స్టాప్ హియర్’ అన్న వాక్యాన్ని ‘అన్ని బస్సులూ ఇక్కడ ఆగవు’ అని మార్చినా రెండు అర్థాలూ అలాగే మిగులుతాయి: ఏ బస్సూ ఆగదు, లేదా ఆగని బస్సు ఒకటైనా ఉంది. బస్సు ఇక్కడ ఆగుతుందనడానికి A(b) అని రాస్తే ఆ రెండూ వరుసగా ఇవి:

```
∀b ¬A(b)
¬∀b A(b)
```

పది బస్సుల్లో మూడు ఆగి ఏడు ఆగకపోతే మొదటిది అబద్ధం, రెండోది నిజం. అందుకే ఇలాంటి వాక్యం వచ్చినప్పుడు రెండు రూపాలనూ రాసి, తాము ఏ అర్థం తీసుకున్నారో పక్కన ఒక్క తెలుగు వాక్యంలో చెప్పి, ఆ తర్వాతే ¬ ను కదపమంటాను.