పేగులోనే ఆగే మందా, రక్తంలోకి ఎక్కే మందా? రిఫాక్సిమిన్‌ దగ్గర ఏది మేలు

ఈ మధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్నలు రెండు. ఒకటి: "సిర్రోసిస్ ఉన్న మా నాన్నగారికి రిఫాక్సిమిన్ రాశారండీ, దాని బదులు మామూలు మెట్రోనిడజోల్ వేస్తే చాలదా?" రెండోది: "చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగిందని నాకు 14 రోజులు అదే మందు రాశారు. లివర్ వాళ్లకిచ్చే మందు నాకెందుకు?" జబ్బులు వేరే అయినా రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. మనకు పని పేగులో ఉంది కాబట్టి, మందు కూడా అక్కడే ఆగితే ఏం లాభం, ఏం నష్టం అన్నది చూడాలి.

రిఫాక్సిమిన్ అనే ఈ యాంటీబయాటిక్ క్షయకు వాడే రిఫాంపిసిన్‌కు దగ్గరి బంధువే. రెండూ బ్యాక్టీరియాలో ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైమునే పట్టుకుంటాయి. కాకపోతే రిఫాక్సిమిన్ అణువుకు అదనంగా ఒక వలయం తగిలించారు, దానివల్ల అది పేగు గోడ దాటలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మింగితే రక్తంలోకి వెళ్లేది 0.4 శాతం కూడా ఉండదు, మిగతాదంతా మలంలో పోతుంది. ఇది నీళ్లలో సరిగా కరగదు, పిత్తరసంలో బాగా కరుగుతుంది. అందుకే పిత్తరసం ఎక్కువగా ఉండే చిన్నపేగులో దీని దెబ్బ గట్టిగా ఉంటుంది. పెద్దపేగుకు వచ్చేసరికి మెత్తబడుతుంది, అక్కడి మంచి బ్యాక్టీరియాను ఊడ్చిపెట్టదు.

ముందు లివర్ సంగతి. పేగులో బ్యాక్టీరియా చేసే అమ్మోనియాను మామూలుగా కాలేయం శుభ్రం చేస్తుంది. కాలేయం మచ్చలు పడి గట్టిపడే సిర్రోసిస్‌లో ఆ పని సాగక అది మెదడుకు చేరుతుంది. రాత్రి నిద్ర లేకపోవడం, పగలు జోగడం, తారీఖు మర్చిపోవడం, చేతులు చాపమంటే పక్షి రెక్కల్లా టపటపలాడటం, చివరికి స్పృహ తప్పడం: ఇదే హెపాటిక్ ఎన్‌సెఫలోపతి. దీనికి మొదటి మందు రోజుకు రెండు మూడు మెత్తని విరేచనాలయ్యేలా సర్దుకుని తాగే లాక్టులోజ్ సిరప్పే, యాంటీబయాటిక్ కాదు. సిరప్ సరిగా తాగుతున్నా మళ్లీ మత్తులోకి వెళ్తే, అప్పుడు రిఫాక్సిమిన్ 550 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండు కలుపుతాం.

2010లో వెలువడిన పరీక్షలో 299 మందిని ఆరు నెలలు చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో సుమారు 46 శాతం మందికి మళ్లీ మత్తు వచ్చింది, రిఫాక్సిమిన్ వేసుకున్నవాళ్లలో 22 శాతం మందికే వచ్చింది. రెండు వైపులా పదింట తొమ్మిదిమంది లాక్టులోజ్ తాగుతూనే ఉన్నారన్న మాట చాలామంది వదిలేస్తారు. అంటే ఈ ఫలితం సిరప్‌తో కలిపి వాడినదానిది. మాత్ర మొదలైంది కదా అని సిరప్ మానేసినవాళ్లకు ఆ లెక్క వర్తించదు.

ఇక పోటీదారులు. నియోమైసిన్ పాతకాలపు మందు. అదీ పేగులోనే ఎక్కువగా ఉంటుంది గాని, రక్తంలోకి ఎక్కే మూడు శాతమే చెవులకూ మూత్రపిండాలకూ చేటు చేయగలదు. సిర్రోసిస్‌లో మూత్రపిండాలు అసలే అంతంత మాత్రం, కాబట్టి నెలల తరబడి వాడకానికి నేను దాని జోలికి పోను. నోటి ద్వారా ఇచ్చే వాంకోమైసిన్‌ను కూడా కొందరు వాడి చూశారు, అది రోజువారీ మందుగా నిలవలేదు. అసలు పోటీ మెట్రోనిడజోల్‌తోనే. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, పేగు బ్యాక్టీరియాపై బాగా పనిచేస్తుంది. పది రోజుల కోర్సుకైతే నాకూ పెద్ద పేచీ లేదు. పేచీ అది ఆగకుండా సాగినప్పుడు వస్తుంది.

ఒక సంగతి చెబుతాను. యాభై ఎనిమిదేళ్ల ఆయన, సిర్రోసిస్, అప్పటికే రెండుసార్లు మత్తుతో ఆసుపత్రిలో చేరారు. రెండోసారి ఇంటికి పంపేటప్పుడు లాక్టులోజ్‌తో పాటు మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు రాశారు. ఎన్నాళ్లన్నది చీటీలో లేదు. అయిపోయినప్పుడల్లా మళ్లీ కొని వేసుకున్నారు. ఏడు వారాలకు ఆయన భార్య నా దగ్గరకు తీసుకొచ్చారు. "డాక్టరుగారూ, ఈయన మళ్లీ అలాగే అయిపోతున్నారండీ. మాట ముద్దగా వస్తోంది, నడుస్తుంటే తూలుతున్నారు. సిరప్ పెంచమంటారా?"

సిరప్ పెంచేవాణ్ణే. కానీ ఆయన్ను ఈవేళ ఏ వారమని అడిగితే తడుముకోకుండా చెప్పారు. "బుధవారమండీ. నా బుర్ర బానే ఉంది, కాళ్లే నా మాట వినడం లేదు" అన్నారు, ముద్దముద్దగానే. చేతులు చాపించాను, రెక్కలాట లేదు. నా వేలు ముట్టుకుని తన ముక్కు ముట్టుకోమంటే మాత్రం వేలు ప్రతిసారీ ముక్కు పక్కనుంచి చెంప మీదికి పోయింది. అడిగితే చెప్పారు, మూడు వారాలుగా అరికాళ్లు మండుతున్నాయట. హెపాటిక్ ఎన్‌సెఫలోపతిలో ముందు బుద్ధి మందగిస్తుంది. ఇక్కడ బుద్ధి చురుగ్గా ఉండి నడక చెడింది. అమ్మోనియా కూడా మామూలుగానే వచ్చింది. ఎమ్మారై తీయిస్తే చిన్నమెదడులో డెంటేట్ కేంద్రకాలు రెండువైపులా సమానంగా తెల్లగా మెరుస్తున్నాయి. అది మెట్రోనిడజోల్ విషప్రభావపు ముద్ర.

లెక్క వేసి చూడండి. రోజుకు 1.2 గ్రాములు, 49 రోజులు, మొత్తం దాదాపు 59 గ్రాములు. ఈ మందు మింగినదంతా దాదాపుగా రక్తంలోకి వెళ్తుంది, మెదడులోకీ సులువుగా చేరుతుంది. దాన్ని విరిచి బయటకు పంపాల్సింది కాలేయమే. ఆ కాలేయమే చెడితే మందు ఒంట్లో ఎక్కువసేపు తిరుగుతుంది, అందుకే కాలేయం తీవ్రంగా దెబ్బతిన్నవారికి మోతాదు సగానికి తగ్గించమంటారు. ఆయనకు ఎవరూ తగ్గించలేదు. మందు ఆపించి, లాక్టులోజ్ కొనసాగించి, రిఫాక్సిమిన్ మొదలుపెట్టాం. మాట పది రోజుల్లో తేటపడింది, నడక నెలకు కుదుటపడింది. అరికాళ్ల మంట మాత్రం నెలల తరబడి వదల్లేదు.

నా తూకం అటు మొగ్గింది ఇక్కడే. మెదడు మందగించే జబ్బుకు, మెదడును చెడగొట్టగల మందును, దాన్ని విరవలేని కాలేయం ఉన్న మనిషికి ఇస్తే, తర్వాత వచ్చిన ప్రతి తూలుడూ జబ్బుదా మందుదా అని తేల్చుకోవాల్సి వస్తుంది. ఆ రోజు ఆవిడ అడిగినట్టు సిరప్ పెంచి పంపేసి ఉంటే ఆయన ఇంకో నెల ఆ మాత్ర మింగేవారు. రిఫాక్సిమిన్‌తో ఆ అనుమానం చాలా మటుకు ఉండదు. నెలలు, ఏళ్లు వాడాల్సిన మందుకు చవకదనం కన్నా నేను దీనికే ఎక్కువ విలువిస్తాను.

రిఫాక్సిమిన్ అసలు రక్తంలోకే పోదని మాత్రం అనుకోకండి. సిర్రోసిస్ ముదిరేకొద్దీ రక్తంలో దాని పరిమాణం ఆరోగ్యవంతుల కన్నా పదింతలు, ఇరవై ఇంతల దాకా పెరుగుతుంది. మొదట ఉన్నదే అతి తక్కువ కాబట్టి మోతాదు మార్చనక్కర్లేదు. అయితే కాలేయ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్‌తో కలిస్తే ఆ పరిమాణం వంద ఇంతలు దాటొచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారిలో, గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్‌ఆర్ మారిన సందర్భాలూ ఉన్నాయి. ఈ రెండిట్లో ఏది వాడుతున్నా ముందే చెప్పాలి.

చిన్నపేగులో బ్యాక్టీరియా పెరగడం దగ్గర తేడా ఇంత ఎక్కువ కాదు. ఇక్కడ కోర్సు రెండు వారాలే, చాలామందికి కాలేయం బాగానే ఉంటుంది. సాధారణంగా 550 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 14 రోజులు ఇస్తాం, అంటే లివర్ రోగి కన్నా రోజు మోతాదు ఎక్కువ, రోజులు తక్కువ. ఈ వాడకానికి అమెరికా ఔషధ సంస్థ అనుమతి లేదు. అదే మోతాదుకు విరేచనాలతో ఉండే ఐబీఎస్ అనే పేగు జబ్బుకు 2015లో అనుమతి ఇచ్చింది. పరీక్షలన్నీ కలిపి చూస్తే సుమారు పదిమందిలో ఏడుగురికి, ఊపిరిలో వాయువులను కొలిచే బ్రీత్ టెస్ట్ మామూలుకు వస్తోంది. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ కూడా పనిచేస్తాయి. జీవితంలో ఒక్కసారి వేసుకునే కోర్సైతే అవి తప్పని నేననను.

కానీ ఇది ఒక్కసారితో పోయే జబ్బు కాదు. రిఫాక్సిమిన్‌తో తగ్గినవారిలోనూ తొమ్మిది నెలల్లో నలభై శాతానికి పైగా మళ్లీ తిరగబెట్టినట్టు ఒక అధ్యయనం చూపింది. పేగు కదలిక మందగించడం, పాత ఆపరేషన్ వల్ల ఏర్పడ్డ మడత వంటి అసలు కారణం అలాగే ఉంటే ఏ మందైనా అంతే. ఏడాదికి రెండు మూడు కోర్సులు తప్పవనిపించినప్పుడు, ప్రతిసారీ ఒళ్లంతా తిరిగే సిప్రోఫ్లాక్సాసిన్‌తో కండరాల తాళ్లకూ నరాలకూ ముప్పు తెచ్చుకోవడం కన్నా పేగులో ఆగేదే నయం. బ్రీత్ టెస్ట్‌లో హైడ్రోజన్ కాకుండా మీథేన్ ఎక్కువై, మలబద్ధకం ఉన్నవారికి మాత్రం రిఫాక్సిమిన్ ఒక్కటే సరిగా పనిచేయదు. వాళ్లకు రెండు వారాలపాటు నియోమైసిన్ కలిపి ఇస్తారు, మూత్రపిండాలు, చెవులు బాగున్నాయని చూసుకుని.

రిఫాక్సిమిన్‌కూ ఒక మూల్యం ఉంది. ఏళ్ల తరబడి వాడేవారి పేగులో కొన్ని ఎంటరోకాకస్ క్రిములు మారిపోయి, చివరి అస్త్రంగా దాచుకున్న డాప్టోమైసిన్‌కు కూడా లొంగకుండా పోతున్నాయని 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. సిర్రోసిస్‌లో మళ్లీ మళ్లీ మత్తులోకి వెళ్లేవారికి రిఫాక్సిమిన్ ఆపడానికి ఈ కారణం చాలదు. ఊరికే పొట్ట ఉబ్బరమని పరీక్ష కూడా లేకుండా నెలల తరబడి వేసుకునేవారికి మాత్రం ఆపడానికి ఇదొక్కటే చాలు.

ఇక ఇది ఓడిపోయే చోటు. పేగు దాటని మందు పేగు బయటి ఇన్‌ఫెక్షన్‌ను తాకలేదు. జ్వరంతో రక్తవిరేచనాలైతే క్రిమి పేగు గోడలోకి చొరబడినట్టే, అక్కడ రక్తంలోకి వెళ్లే మందే కావాలి. సిర్రోసిస్ రోగి పొట్టలోని నీటికి చీము పట్టినప్పుడూ అంతే. ఆ ఇన్‌ఫెక్షనే మత్తును రేపుతుంది, జ్వరం కనిపించకపోవచ్చు కూడా. కాబట్టి పొట్టలో నీరున్న మనిషి రిఫాక్సిమిన్, సిరప్ రెండూ తప్పకుండా వాడుతూ కూడా హఠాత్తుగా తికమకపడితే, ఆ మాత్రల మీదే ఆధారపడి ఇంట్లో ఉంచకండి. అదే రోజు సూదితో కాస్త నీరు తీసి పరీక్షించాలి. క్యూబిక్ మిల్లీమీటరుకు న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు 250 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, సెఫోటాక్సిమ్ వంటి రక్తంలో తిరిగే మందు నరం ద్వారా వెంటనే మొదలవ్వాలి.