షార్ట్ ఫిల్మ్ “అప్‌లోడ్ ప్లస్ ఫెస్టివల్” ప్యాకేజీ తీసుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

బెజవాడ, గుంటూరు యూనిట్లకు ఈమధ్య ఒకే రకం ఆఫర్ వస్తోంది. సినిమా, దాంతోపాటు డబ్బు ఇస్తే వాళ్ల ఛానల్లో వేస్తారట, పోస్టర్ మీద నాలుగైదు ఫెస్టివల్ లారెల్స్, అంటే ఎంపికైనట్టు చూపే ఆకుల బొమ్మలు కూడా వస్తాయట. ఛానల్ పేరు ఇక్కడ అనవసరం, పద్ధతి తెలిస్తే చాలు.

అసలు దెబ్బ వరుస తారుమారు కావడంలో ఉంది. 14 నిమిషాల 40 సెకన్ల సినిమా అనుకోండి. ప్యాకేజీవాళ్లు ముందు తమ లోగో యానిమేషన్ 30 సెకన్లు తగిలిస్తారు. నిడివి 15:10 అవుతుంది. మర్నాడే అందరికీ కనబడేలా యూట్యూబ్‌లో పెట్టేసి, అదే ఫైలును ఫెస్టివల్స్‌కి పంపుతారు. కాన్ షార్ట్ ఫిల్మ్ పోటీకి టైటిల్స్‌తో కలిపి 15 నిమిషాలు దాటకూడదు, ఇంటర్నెట్‌లో అంతకుముందు వచ్చి ఉండకూడదు. ఆ ఒక్క ఫైలు రెండు నిబంధనల్లోనూ తప్పింది. కాన్ మనకెందుకులే అనుకున్నా, ప్రీమియర్, అంటే మొదటి ప్రదర్శన తమ దగ్గరే జరగాలని అడిగే ఫెస్టివల్స్ ఇంకా ఉన్నాయి. తర్వాత వీడియోని ప్రైవేట్ చేసినా, ఒకసారి బయటికొచ్చిన సినిమా “రానిది” అయిపోదు. కాబట్టి ఫెస్టివల్స్ నడిచినన్నాళ్లూ పాస్‌వర్డ్ పెట్టిన లింక్ మాత్రమే పంపాలి. పబ్లిక్ అప్‌లోడ్ ఆ తర్వాతి పని.

లారెల్స్ సంగతి. కేవలం ఎంట్రీ ఫీజు కట్టి పంపినదానికీ ఆకుల బొమ్మ వేసి “అఫీషియల్ సెలక్షన్” అని రాస్తున్నారు. పంపడం వేరు, ఎంపిక కావడం వేరు. ఫెస్టివల్స్‌కి ఎంట్రీలు పంపే ఫిల్మ్‌ఫ్రీవే సైట్‌లో అకౌంట్ వాళ్ల పేరున తెరిస్తే ఆ తేడా మీకు కనబడదు. అకౌంట్ మీ మెయిల్‌తోనే తెరవండి, ఫీజు మాత్రం వాళ్లు కట్టనివ్వండి. అప్పుడు ఏ ఎంట్రీ స్టేటస్ ఏమిటో మీరే చూసుకోవచ్చు. ఎంపికైందన్న చోట కూడా ఫెస్టివల్ పేరు, సంవత్సరం, విభాగం, ఏ హాల్లో ఏ రోజు వేశారు అని అడగండి. నెలనెలా అవార్డులిచ్చే ఆన్‌లైన్ పోటీలకు హాలూ ఉండదు, ప్రేక్షకులూ ఉండరు. గెలిచాక సర్టిఫికెట్‌కి వేరే, ట్రోఫీకి వేరే డబ్బు అడిగితే అది దుకాణం కింద లెక్క.

ఆ ఛానల్ పాత అప్‌లోడ్లు రెండు మూడు చివరిదాకా చూస్తే చాలా విషయాలు బయటపడతాయి. నటీనటుల పేర్లు డిస్క్రిప్షన్‌లో పాత్ర పేరుతో సహా ఉన్నాయా, లేక పాతిక సోషల్ మీడియా లింకుల కింద “నటీనటులు: కొత్తవాళ్లు” అని తేల్చేశారా? అక్కడ 5,000 అక్షరాలు పడతాయి, చోటు లేదనడం అబద్ధం. ఎండ్ స్క్రీన్ చివరి 5 నుంచి 20 సెకన్ల మీద కూర్చుంటుంది. పేర్లు పైకి పోతున్నప్పుడే వాళ్ల వేరే వీడియోల డబ్బాలు వచ్చి వాటిని కప్పేస్తాయి, పాపం లైట్‌బాయ్ పేరు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. యూట్యూబ్ కాపీకి మాత్రం టైటిల్స్ అయ్యాక 20 సెకన్లు నల్ల తెర జోడించి ఇవ్వండి. ఫెస్టివల్ కాపీకి వద్దు, నిడివి పెరుగుతుంది.

సినిమాని ఒక్క వాక్యంలో చెప్పే ఏకవాక్య కథ రాసే పని వాళ్లకి వదిలేయకండి. “చనిపోయిన తండ్రి పేరుతో ఉత్తరాలు రాస్తున్నది కూతురే అని తెలుసుకున్న పోస్ట్‌మ్యాన్ కథ” అని రాస్తే ఇంక చూడ్డానికి ఏం మిగిలింది? “చనిపోయిన మనిషి పేరుతో నెలనెలా ఉత్తరం వస్తుంటే, దాన్ని పంచాల్సిన పోస్ట్‌మ్యాన్ చిక్కు” అంటే చాలు. క్లైమాక్స్ ఫ్రేమ్‌ని థంబ్‌నెయిల్‌గా వాడకూడదని కూడా ఒప్పంద కాగితంలో రాయించుకోండి.

ఎన్‌ఓసీ అని చేతిలో పెట్టే కాగితం నిదానంగా చదవండి. “సర్వహక్కులు, శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా” అన్న మూడు మాటలు ఊరికే రాయరు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తారు. ఆ రెండు రక్షణలూ మీకు దక్కకుండా చేయడానికే ఆ మాటలు. వాటిని కొట్టేసి “యూట్యూబ్ ప్రదర్శనకు మాత్రమే, 1 సంవత్సరం, ఇతరులకు ఇచ్చే హక్కు లేదు” అని రాయించండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు ఏం సంతకం చేశారో చూసుకోండి. హక్కులు రాసివ్వకపోతే నిర్మాత పేరున యూట్యూబ్ కాపీరైట్ ఫారంలో తొలగింపు కోరవచ్చు. అదే లింకులో ఫైలు మార్చి పెట్టడం మాత్రం కుదరదు, వీడియోని ఇంకో ఛానల్‌కి మార్చడమూ కుదరదు. మీ ఛానల్లో కొత్తగా వేస్తే వ్యూస్ సున్నా నుంచే మొదలు.