రెండు వాక్యాల లేఆఫ్ పేరా: ఐదారు నెలలు వాడాక

పోయినేడు ఫిబ్రవరి 28 బెంగళూరులో నా ఆఖరి పనిదినం. సరుకు రవాణా కంపెనీలో డిస్పాచ్ ప్లానింగ్ చూసేవాణ్ని, ఆరేళ్లు. మార్చి మొదటి వారానికి మంచం, ఫ్రిజ్జు, నేను అందరం అనంతపురం రామ్‌నగర్‌లో అమ్మావాళ్లింటికి చేరిపోయాం. అప్పటినుంచి సెప్టెంబర్ దాకా 74 అప్లికేషన్ మెయిళ్లు పంపాను. ఎవరికి ఏం రాశానో ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టుకుంటూ వచ్చాను కాబట్టి లెక్క సరిగ్గా ఉంది.

ఉద్యోగం ఎందుకు పోయిందో ఈ మెయిళ్లలో మూడు రకాలుగా చెప్పాను. మొదటి తొమ్మిదింటిలో మొత్తం చెప్పాను. తర్వాతి పద్నాలుగింటిలో అసలేమీ చెప్పలేదు. మిగిలిన 51 మెయిళ్లలో ఒకే రెండు వాక్యాల పేరా వాడాను. ఈ సమీక్ష ఆ పేరాదే. మెయిళ్లన్నీ ఇంగ్లీషులో రాసినవే, ఇక్కడ వాటి సారం తెలుగులో పెడుతున్నా.

మొదటి రకం గురించి చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. పదకొండు లైన్లు. లాభాల్లో ఉన్న విభాగాన్ని పైవాళ్లు తెలివితక్కువగా మూసేశారని, పావుగంట వీడియో కాల్‌లో ఆరేళ్ల చాకిరీ తేల్చేశారని, ఇంటి లోను ఇంకా ఉందని రాశాను. పంపేటప్పుడు నిజాయితీగా ఉన్నాననే అనుకున్నా. ఒక్క జవాబూ రాలేదు. మా పెద్దమ్మ కూతురు బెంగళూరులో చాలాకాలం రిక్రూటర్‌గా చేసింది. ఉగాదికి వచ్చినప్పుడు ఫోన్‌లో ఆ మెయిల్ చదివించాను. ఓళిగ తింటూ చదివి, "ఒరే, ఇది అప్లికేషనా, కలెక్టరుకు అర్జీనా?" అంది.

తర్వాత తను చెప్పింది మాత్రం పనికొచ్చింది. రిక్రూటర్ మెయిల్ చదివి ఊరుకోదు, దాన్ని ఆ విభాగం మేనేజరుకు ఫార్వర్డ్ చేస్తుంది. పాత కంపెనీని తిట్టిన మెయిల్‌ను తన పేరు మీద ముందుకు పంపడానికి ఆమెకు చెయ్యి రాదు. పాత మేనేజరుదే తప్పు కావచ్చు, నేనే సరైనవాణ్ని కావచ్చు, ఆ సంగతి తేల్చే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు. "నీకు ఏం పని వచ్చో నాకు తొమ్మిదో లైనులో తెలిసింది, అప్పటికే నేను ఇంకో మెయిల్‌కు పోయుంటాను" అంది అక్క.

దాంతో భయపడి రెండో రకంలోకి దూకాను, మొత్తం మౌనం. రెజ్యూమెలో ఫిబ్రవరి అని ఉంటుంది, మెయిల్‌లో ఆ ఊసే ఉండదు. నాలుగు ఫోన్లు వచ్చాయి. నాలుగింటిలోనూ మూడో నిమిషానికల్లా "ఫిబ్రవరిలో ఎందుకు మానేశారు?" అనే ప్రశ్నే. సిద్ధంగా లేను కాబట్టి మళ్లీ ఆ పదకొండు లైన్లే నోట్లోంచి వచ్చాయి. ఒక ఫ్రెండైతే, "ఇప్పటిదాకా చేస్తున్నానని వదిలెయ్ మామా, ఎవరు చూస్తారు?" అన్నాడు. చూస్తారు. కొత్త కంపెనీ యూఏఎన్ అడుగుతుంది, పాత కంపెనీ పెట్టిన ఎగ్జిట్ తేదీ పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. ఆ అబద్ధం జోలికి పోలేదు.

మూడోది ఏప్రిల్ రెండో వారంలో అక్కా నేనూ కూర్చుని రాసుకున్నది. మొదటి రూపం ఇదీ:

"దక్షిణాది డిస్పాచ్ పనిని రెండు హబ్బుల నుంచి ఒకే హబ్బుకు మార్చడంతో, నా పోస్టుతో కలిపి 22 పోస్టులు ఫిబ్రవరి 28తో ముగిశాయి. రిలీవింగ్ లెటర్ ఉంది, మా మేనేజర్ రిఫరెన్స్ ఇస్తారు, వెంటనే చేరగలను."

ఇంతే. ఇందులో ముగిసింది పోస్టు. "నన్ను తీసేశారు" అంటే తీసేసినవాళ్లెవరో వెతుకుతాం, "నేను మానేశాను" అంటే అబద్ధం. పోస్టు ముగిసిందంటే ఇద్దరూ పక్కకు తప్పుకుంటారు. కారణం ఒక్క ముక్కలో ఉంది, రెండు హబ్బులు ఒకటయ్యాయని. అది ఎందుకు జరిగింది, ఎవరు తేల్చారు అనేవి లేవు. ఒక్కణ్నే పోయానా, అందరితో పోయానా అనేది ఆ అంకె చెప్తుంది. పని బాగాలేక తీసేశారేమో అన్న అనుమానం అక్కడే సగం చస్తుంది. "దురదృష్టవశాత్తూ" అన్న మాట నేను పెట్టాను, అక్క కొట్టేసింది. ఆ మాట చూస్తే అవతలివాళ్లకు ముందు అయ్యో అనాలనిపిస్తుంది, అయ్యో అన్నాక పని గురించి అడగడానికి మొహమాటపడతారట.

పేరా ఎక్కడ ఉండాలో నాకు నాలుగైదు మెయిళ్ల తర్వాతే అర్థమైంది. మొదట్లో మెయిల్ చివర పెట్టేవాణ్ని. చదివినవాళ్లకు ఆఖరున మిగిలేది ఉద్యోగం పోయిందన్న సంగతే. తర్వాత మధ్యకు తెచ్చాను. ముందు రెండు వాక్యాలు పని గురించి, రోజుకు అరవై డెబ్బై లారీల రూట్లు వేసేవాణ్నని, ఖాళీగా తిరిగొచ్చే బళ్లను తగ్గించడానికి ఏం చేశానని. తర్వాత ఈ పేరా. ఆఖరున మళ్లీ వాళ్ల ప్రకటనలోని పనికి సంబంధించిన ఒక వాక్యం. ఇలా మార్చాక ఫోన్లలో ఆ ప్రశ్న రావడం పోలేదు గానీ ఆలస్యంగా, మామూలు గొంతుతో వచ్చేది. నేను కూడా ఆ రెండు వాక్యాలే చెప్పి ఆగేవాణ్ని. నోటితో చెప్పినా అదే కొలత కాబట్టి నాలుక తడబడలేదు. ఈ పేరాలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

51కి 13 జవాబులొచ్చాయి. దాన్ని పేరా ఖాతాలోనే వెయ్యలేను, ఆ నెలల్లో నాకు సరిపోయే ఉద్యోగాలకే రాయడం కూడా నేర్చుకున్నాను.

ఇక లోపాలు. మొదటిది 22 అనే అంకె. మూడు వారాలు వాడాక సెటిల్‌మెంట్ కాగితాలు తీసి చదివితే, కంపెనీ లోపలి వివరాలు బయట చెప్పకూడదని ఒక షరతు ఉంది. సంతకం పెట్టిన రోజు చదవలేదు, ఆ రోజు ఎవరు చదువుతారు? అంకె తీసేసి "మా టీమంతా" అని మార్చాను. బలం కొంచెం కూడా తగ్గలేదు.

రెండోది అసలైన దెబ్బ. మా హెచ్‌ఆర్ అందరి చేతా పోర్టల్లో రాజీనామా పెట్టించింది. కాబట్టి రిలీవింగ్ లెటర్‌లో "మీ రాజీనామాను ఆమోదిస్తూ" అని ఉంది. నా మెయిల్‌లోనేమో పోస్టులు ముగిశాయని ఉంది. జూన్‌లో హోస్‌కోట గోడౌన్ ఉద్యోగం ఒకటి ఆఫర్ దాకా వచ్చాక, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు ఫోన్ చేసి రెండింటిలో ఏది నిజం అని అడిగారు. రెండూ నిజమే, ఆ మాట నమ్మించడానికి పన్నెండు రోజులు పట్టింది. పాత మేనేజర్ కంపెనీ మెయిల్ నుంచి ఒక్క లైను రాసి పంపితే తేలింది. ఈలోగా ఆ పోస్టు హోల్డ్‌లో పెట్టారు. ఆ తర్వాత నా వాక్యం ఇలా మారింది: "రెండు హబ్బులు ఒకటవడంతో మా టీమంతా మూతపడింది, ఫిబ్రవరి 28న రిలీవ్ అయ్యాను." రిలీవ్ అయ్యాననే మాట లెటర్‌తోనూ సరిపోతుంది, జరిగినదానితోనూ సరిపోతుంది. ఈ పేరా వాడాలనుకునేవాళ్లు ముందు లెటర్ బయటికి తీసి, అందులో ఏ క్రియ ఉందో చూసుకుని రాయండి.

మూడోది చిన్నదే, నవ్వొచ్చేది. తాడిపత్రి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీకి రాసినప్పుడు "లేఆఫ్‌లో" అని ఒక ముక్క చేర్చాను, అందరూ అనే మాటే కదా అని. అక్కడి పాతకాలపు హెచ్‌ఆర్ ఆఫీసరు ఫోన్‌లో, "ఏమప్పా, లేఆఫ్ అంటివి, రేపు వాళ్లు మళ్లీ పిలిస్తే పోతావా?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. కార్మిక చట్టంలో లేఆఫ్ అంటే పని తాత్కాలికంగా ఇవ్వలేకపోవడం, శాశ్వతంగా తీసేస్తే దాని పేరు రిట్రెంచ్‌మెంట్. ఫ్యాక్టరీలవాళ్లకు ఆ తేడా కొట్టినపిండి. ఐటీ వాళ్ల నోట్లో మారిన అర్థం అక్కడిదాకా పోలేదు. అప్పటినుంచి ఆ మాటే తీసేశా.

నాలుగోది కాలం. ఆగస్టు వచ్చేసరికి "ఫిబ్రవరి 28" పాతబడింది, "వెంటనే చేరగలను" అంటే ఆర్నెల్లుగా ఎవరూ తీసుకోలేదని తెలిసిపోతోంది. ఈ పేరా గడువు నా లెక్కలో నాలుగైదు నెలలు. ఆ తర్వాత రెండో వాక్యం మార్చాల్సిందే. మే నుంచి మా మామ చీనీ తోటల కాయ మార్కెట్‌యార్డుకు తోలే లెక్కలు, బళ్ల ఏర్పాటు నేనే చూస్తున్నాను. జీతం లేదు, కాబట్టి అదీ ఒక పనేనా అని రాయలేదు. రాసింది ఆగస్టు చివరలో: "మే నుంచి మా కుటుంబం చీనీ కాయల లోడింగ్, బళ్ల లెక్కలు చూస్తున్నాను."

ఒంటరిగా ఉద్యోగం పోయినవాళ్లకు, పనితీరు కారణం చూపించి పంపినవాళ్లకు ఈ పేరా పనికిరాదు. టీమంతా పోయిందన్న ఆధారం మీదే ఇది నిలబడింది. తెలిసినవాళ్ల రిఫరల్‌తో పోయేటప్పుడూ అక్కర్లేదు, ముందే చెప్పేసి ఉంటారు.

ఐదుకి నాలుగు ఇస్తా. ఆ ఒకటి రాజీనామా లెటర్ ఖాతాలో కోత.

సెప్టెంబర్‌లో ఇక్కడే అరటి, దానిమ్మ ఎగుమతి చేసే ఒక సంస్థకు రాశాను. ఊళ్లో ఉద్యోగాలకు రాసేటప్పుడు ఇంకో వాక్యం కావాలని అప్పటికే రెండుచోట్ల దెబ్బతిని తెలుసుకున్నా. "రేపు బెంగళూరోళ్లు పిలిస్తే?" అనేదే ఇక్కడి యజమానుల అనుమానం, లేఆఫ్ ఎందుకైందన్నది వాళ్లకు పట్టదు. అందుకే "మార్చి నుంచి అనంతపురంలోనే ఉంటున్నాను, ఇక్కడే చేయాలనుకుంటున్నాను" అని చేర్చాను. ఇంటర్వ్యూలో ఆ సంస్థ యజమాని పాత ఉద్యోగం గురించి ఒక్క ముక్క అడగలేదు. చీనీ కాయలు గుట్టపోసి తోలుతున్నారా, క్రేట్లలోనా, ఎండాకాలం ఎన్నింటికి లోడింగ్ మొదలుపెడతారు అని అరగంట అడిగాడు. అక్టోబర్ మొదటి సోమవారం చేరాను. జాయినింగ్ ఫారంలో "గత ఉద్యోగం వదిలిన కారణం" అని అంగుళం గడి ఉంది. "టీమ్ మూత, రిలీవ్" అని రాస్తే ఇంకా కొంచెం చోటు మిగిలింది.