గులాబీ మూత సీరం కొనే ముందు, నెలసరి మొదలై ఎన్నో రోజో లెక్క చూసుకోండి

దవడ వెంట మొటిమలు వచ్చేవారికి హార్మోన్లను సరిచేసే సీరం అంటూ గులాబీ మూత సీసా అమ్ముతున్న పేజీ ఏదో మీలో చాలామందికి నేను చెప్పనవసరం లేదు. నేను వరుసగా మూడు సీసాలు కొన్నాను. పోయిన డబ్బు గురించి కాదు, ఈ రోజు ఉదయం ఆ పేజీలో నా గడ్డాన్ని నేనే చూడవలసి వచ్చినందుకు ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను.

నాకు ఎడమ దవడ ఎముక మీద, చెవి తమ్మెకు రెండు వేళ్ళ కిందుగా ఒక చిన్న పుట్టుమచ్చ ఉంది. ఆ పేజీ ప్రకటనలో ఉన్న రెండు చిత్రాల్లో మొదటిదానిలో ఆ మచ్చ పక్కనే ఎర్రగా ఉబ్బిన మూడు మొటిమలు, గడ్డం కింద మరో రెండు ఉన్నాయి. రెండో చిత్రంలో అదే మచ్చ పక్కన దాదాపు చదునైన చర్మం ఉంది. రెంటికీ నడుమ పెద్ద అక్షరాలతో "కేవలం 7 రోజుల్లో" అని రాసి ఉంది. ఆ రెండు చిత్రాలూ నేను పంపినవే. పంపి ఊరుకోకుండా, చేతులు జోడించిన బొమ్మలు పెట్టి "మీ మేలు మరచిపోలేను" అని కూడా రాసిన మహాతల్లిని నేనే. అయితే నేను పంపినప్పుడు రెండో చిత్రం అడుగున "పీరియడ్స్ నాలుగో రోజు" అని నా చేత్తో టైపు చేసి పంపాను. వాళ్ళు సరిగ్గా ఆ వాక్యం వరకూ చిత్రాన్ని కత్తిరించి, మిగిలినది ప్రకటనగా వేసుకున్నారు. ఆ కత్తిరింపు పొరపాటున జరిగిందని నేను అనుకోను, ఎందుకంటే మోసమంతా ఆ ఒక్క వాక్యంలోనే బయటపడుతుంది.

నాకు నెలసరి దాదాపు 28 రోజులకు వస్తుంది. రక్తస్రావం మొదలైన రోజును 1వ రోజుగా లెక్కిస్తే, నా మొదటి చిత్రం 25వ రోజున తీసినది, రెండోది తరువాతి నెలసరి 4వ రోజున తీసినది. మధ్య వ్యవధి 7 రోజులే, ఆ మాట అబద్ధం కాదు. కానీ 25వ రోజున నా దవడ మీద సీరం రాసినా, గోడకు వేసే సున్నం రాసినా, 4వ రోజుకు ఆ మొటిమలు తగ్గేవే. నెలసరికి వారం పది రోజుల ముందు మొదలై, రక్తస్రావం మొదలైన కొద్ది రోజుల్లో తమంతట తామే సద్దుమణగడం ఈ రకం మొటిమల స్వభావం. మనం సీసా కొనేది ఎప్పుడు? అద్దంలో ముఖం చూసుకోలేనంత చిరాకు పుట్టిన రోజున, అంటే సరిగ్గా ఉద్ధృతి శిఖరాన ఉన్నప్పుడు. ఆ తరువాత మిగిలినది దిగడమే. ఆ దిగుదల ఘనతను సీసా తన ఖాతాలో వేసుకుంటుంది, మనం చేతులు జోడించిన బొమ్మలు పంపుతాము.

లోపల జరిగేది నేను చర్మ వైద్యురాలి దగ్గర కూర్చుని, ఆలస్యంగానైనా, అడిగి తెలుసుకున్నాను. చర్మంలో ప్రతి రోమకూపానికీ ఆనుకుని నూనె గ్రంథి ఉంటుంది. ఆ గ్రంథి గోడల్లో పుట్టిన కణాలు క్రమంగా నూనెతో నిండి, చివరికి పగిలి, తమ సారమంతా కూపంలోకి వదులుతాయి. మనం జిడ్డు అని తుడుచుకునేది అదే. ఈ గ్రంథులకు ఎంత పని చేయాలో చెప్పేవి ముఖ్యంగా ఆండ్రోజెన్లు. ఇవి పురుషుల హార్మోన్లని పేరేగానీ, స్త్రీలలో కూడా అండాశయాలూ, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులూ వీటిని తయారుచేస్తూనే ఉంటాయి. రక్తంలో వచ్చిన టెస్టోస్టిరాన్‌ను నూనె గ్రంథి తనలోనే ఉన్న ఒక ఎంజైముతో మరింత బలమైన రూపంలోకి మార్చుకుంటుంది. ఈస్ట్రోజెన్ ప్రభావం దీనికి ఎదురుగా ఉంటుంది.

అండం విడుదలైన తరువాత ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది, ఈస్ట్రోజెన్ కూడా మరోసారి కొంత లేస్తుంది. గర్భం రాకపోతే నెలసరికి ముందు రోజుల్లో ఈ రెండూ కిందికి పడిపోతాయి. ఆండ్రోజెన్లు అంతగా పడవు. అంటే వాటి పరిమాణం పెరగకపోయినా, ఎదురుగా ఉన్న బరువు తగ్గడం వల్ల త్రాసు వాటి వైపు మొగ్గుతుంది. ఇక్కడే నాకు చాలాకాలంగా అర్థం కాని ఒక విషయం తేలింది. నేను పోయిన ఏడాది హార్మోన్ పరీక్షలు చేయించుకుంటే అన్నీ మామూలుగా ఉన్నాయని వచ్చింది, అయినా మొటిమలు ఆగలేదు. చాలామంది స్త్రీలలో రక్తంలోని ఆండ్రోజెన్ మామూలుగానే ఉండి, గ్రంథులే దానికి ఎక్కువగా స్పందిస్తాయట. సరిగ్గా ఉన్న హార్మోన్లను ఆ సీరం మరి ఏ రకంగా సరిచేసిందో ఆ పేజీ వారికే తెలియాలి.

నూనె ఒక్కటే ఉంటే ముఖం జిడ్డుగా మెరిసి ఊరుకుంటుంది. కూపం నోటి దగ్గర చర్మకణాలు విడివిడిగా రాలిపోకుండా అతుక్కుని బిరడాలా కూరుకుపోయినప్పుడు, వెనుక చేరిన నూనెలో అక్కడ ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా వృద్ధి చెంది, చుట్టూ వాపు మొదలవుతుంది. దవడ మీద వచ్చేవి లోతుగా ఉండడం వల్ల తెల్లటి మొన కనిపించదు. అరచేతిలో గడ్డం ఆనించుకున్నప్పుడు లోపల కందిగింజ పరిమాణంలో ఏదో నొక్కుకుని నొప్పి పెడితే అప్పుడు తెలుస్తుంది. ఈ బిరడా కంటికి కనిపించకుండా మొదలై మొటిమగా మారడానికి వారాలు పడుతుంది. కాబట్టి 24వ రోజున పైకి తేలిన మొటిమ ఆ రోజున పుట్టినది కాదు, దాని మీద ఒక చుక్క సీరం వేసి రుద్దడం, వాన వెలిశాక గొడుగు తెరవడం వంటిది.

నాకు రెండో నెలలోనే అనుమానం రావలసింది, రాలేదు. ఆ నెల 24వ రోజున మొదలుపెట్టాను, మళ్ళీ నెలసరితో పాటు తగ్గాయి, మళ్ళీ మురిసిపోయాను. మూడో నెలలో వాళ్ళే "నెలంతా రెండు పూటలా రాయండి, ఇక అసలు రావు" అని మరో సీసా అంటగట్టారు. 5వ రోజు నుంచి ఒక్క పూట కూడా తప్పకుండా రాశాను. రాసిన ప్రతిసారీ పెదవి మూలల దగ్గర చురచురమనేది, రెండు వారాలకు గడ్డం మీద సన్నని పొట్టు లేచింది. అయినా ముఖం కడిగిన కొన్ని గంటలకు పలుచని కాగితం అద్దితే దవడ దగ్గర నూనె మరక అలాగే పడేది. చర్మం పైనున్న నూనెను ఎంత తుడిచినా గ్రంథికి ఆ కబురు అందదు, దానికి ఆజ్ఞలు వచ్చేది లోపలి నుంచి. పైన ఎండిపోయి పొట్టు లేస్తూ, లోపల నూనె ఊరుతూనే ఉన్న ఆ గడ్డం మీద 22వ రోజున సరిగ్గా ఐదు మొటిమలు వచ్చాయి. నా మొదటి చిత్రంలో ఉన్నవీ ఐదే.

అప్పుడు రాశాను వాళ్ళకు, మర్యాదగానే. వచ్చిన సమాధానం యథాతథంగా ఇది: "మేడమ్, మీరు ముఖం సరిగ్గా కడుక్కోవడం లేదు. వంద మందికి పనిచేసింది మీకొక్కరికే ఎందుకు పనిచేయదు? జిడ్డు ముఖం వాళ్ళు శుభ్రంగా ఉండాలి." మొటిమలు మురికి వల్ల రావు, ముఖం మరీ ఎక్కువగా తోమితే రేగే వాపు అదనం. ఈ మాట వాళ్ళకు తెలియక కాదు. మా సీసా పనిచేయలేదని ఒప్పుకోవడం కంటే నువ్వు శుభ్రంగా లేవనడం తేలిక. ఆ మాట చదివి ఆ రాత్రి నేను మూడుసార్లు ముఖం కడుక్కున్నానంటే నా తెలివి ఎంతటిదో మీరే ఊహించుకోండి. సీసా మూత తీశారు కనుక డబ్బు తిరిగి ఇవ్వబోమన్నారు, నేను మరోసారి రాయగానే నన్ను బ్లాక్ చేశారు. నన్ను బ్లాక్ చేసినవారికి నా గడ్డం మాత్రం ప్రకటనలో పనికివచ్చింది. దాన్ని మా చెల్లెలి ఫోనులో చూశాను.

నాలుగో నెలలో కోపంతో ఏమీ రాయలేదు. 23వ రోజున నాలుగు వచ్చాయి, రక్తస్రావం మొదలైన నాలుగో రోజుకు తగ్గాయి. అదే ఎక్కుడు, అదే దిగుడు, సీసా లేకుండానే.

ఇక ఇది చదివి ఏం చేయాలని అడిగేవారికి, వైద్యురాలు నాకు చెప్పినంత వరకు చెబుతాను. నాకు రాత్రిపూట అడాపలీన్, పగలు తక్కువ శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ ఇచ్చారు. ఉన్న మొటిమ మీద చుక్కలుగా కాకుండా దవడ ప్రాంతమంతా పలుచగా, నెలలో అన్ని రోజులూ రాయాలి, ఫలితం తేల్చుకోవడానికి 8 నుంచి 12 వారాలు ఆగాలి; మొదటి వారాల్లో చర్మం ఎండడం, మంట పుట్టడం మామూలే. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు అడాపలీన్ వాడకూడదు. వీటితో లొంగకపోతే కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలు, స్పైరోనోలాక్టోన్ వంటివి ఉన్నాయి. హార్మోన్ల మీద నిజంగా పనిచేసేవి ఇవే, అందుకే వాటిని వైద్యుల చీటీ లేకుండా వాడకూడదు. గ్రంథి దగ్గర ఆండ్రోజెన్‌ను అడ్డుకునే పైపూత మందు కూడా ఒకటి వచ్చింది, అది కూడా చీటీ మీద ఇచ్చేదే. నెలసరి 35 రోజులు దాటి వస్తున్నా, గడ్డం మీద ముదురు వెంట్రుకలు మొలుస్తున్నా, తల మీద జుట్టు పలుచబడుతున్నా క్రీముల జోలికి పోకముందే పరీక్షలు చేయించుకోండి.

"7 రోజుల్లో" అని ఎవరైనా చిత్రాలు చూపిస్తే, రెండు చిత్రాలూ నెలసరిలో ఎన్నో రోజున తీసినవో అడగండి. పుట్టుమచ్చ ఉన్న ఆ గడ్డాన్ని చూసి ఎవరైనా ఇప్పటికే కొని ఉంటే నన్ను క్షమించండి. ఆ చిత్రం తీసేయమని వాళ్ళకు చెల్లెలి ఫోను నుంచి రాశాను, ఇంతవరకు తీయలేదు.